మంగరాజు పాలగిన్నె: ఫకీర్ మోహన్ వెక్కిరించింది ఎవరిని?

హిమబిందు, రాయగడ

అందరికీ నమస్కారం. డిగ్రీలో నాకు ఒడియా పాఠ్యాంశంగా ఉంది. ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ నవల మొదటి అధ్యాయం చదివి, అందులో రచయిత అధిక్షేపం ఎవరి మీదో ఒక పేరాలో చెప్పి, పాఠం నుంచే ఆధారాలు చూపించమన్నారు.

చదవనివారి కోసం ఆ ఘట్టం క్లుప్తంగా చెబుతాను. రామచంద్ర మంగరాజు జమీందారు, వడ్డీ వ్యాపారి. కథ చెప్పే మనిషి అతన్ని మహా ధర్మాత్ముడని పొగుడుతాడు. ఏడాదికి ఏకాదశులు ఇరవై నాలుగే కానీ, నలభై ఉన్నా మంగరాజు అన్నీ పాటించేవాడట. ఆ రోజు నీళ్లు, నాలుగు తులసి ఆకులు తప్ప ఏమీ ముట్టడట. ఇంతలో మంగలి జగా ఒక మాట జారవిడుస్తాడు. ఏకాదశి సాయంత్రం అయ్యగారి పడకగదిలో పెద్ద గిన్నెడు పాలు, అరటిపళ్లు, కొన్ని పేలాలు, పటికబెల్లం పెడతారని, తెల్లవారుజామున ఖాళీ గిన్నె తీసి కడిగేది తానేనని. విన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. కథకుడు మాత్రం మంగరాజు తరఫున వాదనకు దిగుతాడు. గిన్నె ఖాళీ చేస్తుండగా కళ్లారా చూసిన సాక్షి ఎవరైనా ఉంటే ముందుకు రావాలంటాడు. ద్రవాలు ఆవిరైపోతాయని విజ్ఞానశాస్త్రం చెబుతోంది కదా, పాలు ద్రవం కాదా అంటాడు. గదిలో ఎలుకలు, ఈగలు, దోమలు లేవా అని కూడా అడుగుతాడు.

నేను రాసింది ఇది: “ఈ భాగంలో రచయిత సమాజంలోని కపట భక్తిని ఎండగట్టారు. మంగరాజు ఉపవాసమని చెప్పి రహస్యంగా పాలు తాగాడు కాబట్టి అతను కపటి.”

మేడమ్ పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న వేశారు: “తాగాడని ఎవరు చెప్పారు?” తాగాడని చదివిన ప్రతివాడికీ తెలుస్తుంది కదా! ఆమె ఏమి అడుగుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

---

కిరణ్, బరంపురం

ఇది చాలా సులువు. మన అలంకారశాస్త్రంలో దీన్ని వ్యాజస్తుతి అంటారు. పైకి పొగడ్త, లోపల నింద. కథకుడు చెప్పిన ప్రతి మాటనూ తిరగేసి చదువుకోండి, రచయిత అభిప్రాయం వచ్చేస్తుంది. ధర్మాత్ముడంటే దుర్మార్గుడు. అన్ని ఏకాదశులూ చేస్తాడంటే ఒక్కటీ చేయడు. లక్ష్యం మంగరాజు. “ఇది వ్యాజస్తుతి” అని ఒక వాక్యం చేర్చండి, మార్కులు వస్తాయి.

---

సుభద్రమ్మ, గుణుపురం

అమ్మాయీ, నాకు వేరే సందేహం. ఏకాదశి నాడు పాలు, పండ్లు తీసుకోవడం తప్పేమీ కాదే! మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో అదే పద్ధతి. నిర్జలంగా ఉండేవాళ్లు ఉంటారు, ఫలహారం చేసేవాళ్లు ఉంటారు. గిన్నెడు పాలు తాగినంత మాత్రాన కపటి అంటే మా ఊళ్లో సగం మంది ఆడవాళ్లం కపటులమే. రచయిత ఉపవాసాలను ఎగతాళి చేస్తుంటే మాత్రం నాకు నచ్చలేదు.

---

మాస్టారు, పర్లాకిమిడి

సుభద్రమ్మగారు అడిగింది మన చర్చకు చాలా అవసరమైన ప్రశ్న. పాలు తాగడమే తప్పైతే వ్యంగ్యం నిలవదు. ఇక్కడ చూడవలసింది పాలను కాదు, కథకుడి మొదటి మాటకూ జగా మాటకూ మధ్య ఉన్న దూరాన్ని. ఫలహారం చేస్తాడని కథకుడు చెప్పి ఉంటే జగా మాటకు ఎవరూ నవ్వేవారు కాదు. నీళ్లు, తులసి తప్ప ఏమీ ముట్టడని ముందే గట్టిగా చెప్పి కూర్చున్నాడు కాబట్టి ఆ గిన్నె అతని గొంతుకు అడ్డం పడింది. పైగా ఆ పళ్లెంలో పేలాలు కూడా ఉన్నాయి. పేలాలు వడ్లతో వేయించినవే కదమ్మా! ఫలహారం చేసేవారు కూడా ఏకాదశి నాడు ముట్టని ధాన్యం అది. ఎవరూ పట్టించుకోరని రచయిత దాన్ని అరటిపళ్ల పక్కన మెల్లగా పెట్టి వెళ్లిపోయాడు.

హిమబిందూ, మీ మేడమ్ ప్రశ్న సరైనది. మంగరాజు పాలు తాగాడని ఆ అధ్యాయంలో ఏ వాక్యమూ చెప్పదు. నువ్వు ఊహించావు. నీ ఊహ సరైనదే, కానీ అది నీ ఊహ. దాన్ని పాఠంలో ఉన్న సంగతిలా రాసేశావు. ఆ ఊహకు నిన్ను నడిపించినవి ఏమిటో రాస్తే అదే ఆధారం అవుతుంది. సాయంత్రం నిండు గిన్నె, తెల్లవారితే ఖాళీ గిన్నె. పెట్టిన చోటు పడకగది. కడగడానికి ఎంచుకున్న వేళ ఊరు లేవని వేళ. విన్నవారి నవ్వు. ఈ నాలుగూ పాఠంలో ఉన్నాయి. వీటిని మన చేతికి ఇచ్చింది ఎవరు? మంగరాజును పొగుడుతున్న ఆ కథకుడే. తన కక్షిదారును ముంచే సాక్ష్యాన్ని తానే బయటపెడుతున్నాడు. ఈ మనిషి మాటను రచయిత మాటగా తీసుకోకూడదని తెలిసేది అక్కడే.

కిరణ్, వ్యాజస్తుతి అన్నది బాగుంది, కానీ అది సగం దారి వరకే తీసుకెళుతుంది. ప్రతి మాటనూ తిరగేయమన్నావు. “ద్రవాలు ఆవిరవుతాయి” అన్న వాక్యాన్ని తిరగేస్తే ఏమి వస్తుంది? “ద్రవాలు ఆవిరి కావు” అని వస్తుంది. రచయిత అభిప్రాయం అదా? ఆ మాట అక్షరాలా నిజం. “కళ్లారా చూసిన సాక్షి కావాలి” అన్నదాన్ని తిరగేస్తే “సాక్షులు అక్కర్లేదు” అవుతుంది. అది కూడా ఆయన చెప్పదలచుకున్నది కాదు. తిరగేస్తే అర్థం రాని వాక్యాలు ఇన్ని ఉన్నాయంటే, మంగరాజును నిందించడంతో పాటు ఇంకో పని కూడా ఇక్కడ జరుగుతోందన్న మాట.

---

కిరణ్, బరంపురం

మాస్టారూ, ఆ ఆవిరి సంగతి నవ్వు కోసం చేర్చినది అనుకోకూడదా? హాస్యరచనలో ప్రతి వాక్యానికీ ఒక లక్ష్యం వెతకడం న్యాయమా?

---

మాస్టారు, పర్లాకిమిడి

అనుకోవచ్చు. కానీ ఒక పని చేసి చూడు. జగా మాట వరకు చదివి, విన్నవాళ్లు నవ్వుకున్నారన్న చోట ఆపెయ్యి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిన సంగతి పాఠకుడికి అప్పటికే తెలిసిపోయింది. మంగరాజు ఒక్కడే లక్ష్యమైతే రచయిత పని అక్కడే పూర్తయింది. తరువాత వచ్చే భాగమంతా అతనికి అవసరం లేదు. అయినా రాశాడు. నవ్వు కోసమే రాసి ఉంటే ఏ నవ్వైనా సరిపోయేది, మంగరాజు పొట్ట మీద నాలుగు మాటలు వేసినా నవ్వు వచ్చేది. ఆయన ఎంచుకున్నవి చూడు: న్యాయస్థానం, సాక్షి, విజ్ఞానశాస్త్రం, ఎలుకలకు ధర్మబుద్ధి లేదన్న తర్కం. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఉండటానికి చదువుకున్నవాడికి దొరికే సాకులన్నీ ఒక వరుసలో పెట్టాడు. మిగిలిన భాగం ఒకే దిక్కుకు వంగి ఉంటే అది కేవలం అలంకారం కాదు.

---

గుమాస్తా, జయపురం

నేను ఒక న్యాయవాది దగ్గర చాలా కాలంగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. సాహిత్యం సంగతి మాస్టారికి వదిలేసి చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ కథకుడు మాట్లాడేది మా కోర్టు భాషే.

ఈ నవల 1897 నుంచి పత్రికలో ధారావాహికగా వచ్చింది. అప్పటికి 1872 నాటి భారత సాక్ష్య చట్టం అమలులో ఉంది. దాని 60వ సెక్షన్ ప్రకారం నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. చూడగలిగిన సంగతి అయితే, చూశానని చెప్పే మనిషే వచ్చి చెప్పాలి. ఎవరో అనగా విన్నానంటే చెల్లదు. చూసిన సాక్షి రావాలని కథకుడు అడిగేది దీన్నే. అంతవరకు చట్టం అతని వైపు ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ అతను రెండో సగం దాచిపెట్టాడు. తాగుతుండగా చూసిన మనిషి లేకపోయినా కేసు నిలుస్తుంది. చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి నిర్ణయానికి రావడం కోర్టులో రోజూ జరిగే పనే. జగాను బోను ఎక్కిస్తే, “నిండు గిన్నె పెట్టడం నాకు తెలుసు, ఖాళీ గిన్నె నా చేతులతో కడిగాను” అని చెబుతాడు. అది విన్న మాట కాదు, తాను చేసిన పని. ఆ గదిలో రాత్రి పడుకున్నది ఒక్కడే అయితే, ఆ ఒక్కడు ఎవరో చెప్పడానికి పెద్ద వకీలు అక్కర్లేదు. కాబట్టి కథకుడు చట్టం చెప్పడం లేదు, చట్టంలో తనకు పనికొచ్చే ముక్క కోసుకుని చూపిస్తున్నాడు. ఈ పని చేసేవాళ్లను నేను బాగా ఎరుగుదును.

అందుకే నా అభిప్రాయంలో ఫకీర్ మోహన్ వెక్కిరించింది కోర్టును కాదు, కోర్టు మాటలు అరువు తెచ్చుకుని పెద్దమనిషిని కాపాడే వాళ్లను.

---

వంశధార ఒడ్డు, కాశీనగర్

నాది కొంచెం వేరే సంగతి, కానీ సంబంధం ఉంది. మా వీధిలో ఒకే రోడ్డును వేశారు, తవ్వారు, మళ్లీ వేశారు, మళ్లీ తవ్వారు. నాకు ఒళ్లు మండి మా తెలుగు సంఘం పత్రికలో ఆ కాంట్రాక్టరును ఆకాశానికెత్తుతూ ఒక వ్యాసం రాశాను. “వీధి మీద ఆయనకు ఎంత ప్రేమో, మళ్లీ మళ్లీ వస్తున్నారు, ఇలాంటి శ్రమజీవి మాకు దొరకడం అదృష్టం” అని. పత్రిక వచ్చాక నలుగురైదుగురు ఆయన్ని అభినందించారట! ఆయన నాకు మిఠాయి పొట్లం పంపించాడు. ఇది పాఠకుల లోపమా? వ్యంగ్యం అర్థం కాని జనానికి ఏమి రాయాలి?

---

మాస్టారు, పర్లాకిమిడి

మీ వ్యాసంలో పాలగిన్నె ఏది? మీరు ఇక్కడ చెప్పినప్పుడు రోడ్డు వేసి తవ్వి మళ్లీ వేసిన సంగతి చెప్పారు, మాకు వెంటనే తెలిసిపోయింది. వ్యాసంలో “మళ్లీ మళ్లీ వస్తున్నారు” అని మాత్రమే ఉంటే, మరమ్మతుకు వస్తున్నాడని చదివినవాళ్లు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీ వీధివాళ్లకు రోడ్డు చరిత్ర తెలుసు, పత్రిక చదివిన మిగతా ఊళ్లవాళ్లకు తెలియదు. పొగడ్తతో పొసగని ఒక్క నిజం కాగితం మీదే ఉండాలి. తవ్విన తేదీలు రెండు వరుసగా వేసి ఊరుకున్నా సరిపోయేది.

హిమబిందూ, నీకు ఇది పనికొస్తుంది. రచయిత ఉద్దేశం మనకు బయట నుంచి తెలిసినా, పరీక్షలో చూపించవలసింది కాగితం మీద ఉన్నదాన్నే.

---

కళింగ పాఠకుడు, ఛత్రపురం

అయితే బయటి సంగతులకు విలువే లేదా? ఫకీర్ మోహన్ స్వయంగా సంస్థానాలలో పాలనాధికారిగా పనిచేశారు. ఢెంకనాల్, కెందుఝర్ వంటి చోట్ల రాజుల కొలువులో ఉన్న మనిషి. జమీందారీ వ్యవస్థకు ఆయన వ్యతిరేకి అని ఎలా అంటాం? ఒక చెడ్డ జమీందారు కథ చెప్పారంతే. దాన్ని వ్యవస్థ మీద దాడి అనడం ఇప్పటి వాళ్లు ఎక్కించే అర్థం.

---

గుమాస్తా, జయపురం

ఆయన ఉద్యోగం ఆయన అభిప్రాయానికి రుజువు ఎలా అవుతుందండీ? కాగితాలు, సాక్షులు, వకీళ్లు దగ్గరగా చూసినవాడు కాబట్టే ఇంత కచ్చితంగా రాయగలిగాడని నేను అంటాను. ఒకే సంగతి నుంచి మీరు ఒకటి తీశారు, నేను దానికి వ్యతిరేకమైనది తీశాను. అలాంటి సంగతి మన ఇద్దరిలో ఎవరికీ ఆధారం కాదు.

---

మాస్టారు, పర్లాకిమిడి

ఛత్రపురం మిత్రుడి హెచ్చరికలో ఒక సగం నేను ఒప్పుకుంటాను. మొదటి అధ్యాయం ఒక్కటే చేతిలో పెట్టుకుని “జమీందారీ వ్యవస్థపై దాడి” అని రాస్తే నిలవదు. ఆ పేజీలలో వ్యవస్థ కనబడదు, ఒక మనిషి, అతన్ని వెనకేసుకొచ్చే ఒక గొంతు కనబడతాయి. వాదం ఆధారం ఎంతవరకు వస్తే అంతవరకే వెళ్లాలి. అయితే బయటి సంగతి అసలు పనికిరాదని కూడా అనను. నవల పత్రికలో వచ్చినప్పుడు ‘ధూర్జటి’ అనే మారుపేరుతో వచ్చింది. సొంత పేరు లేకపోవడం వల్ల లక్ష్యం ఎవరో తెలియదు, నిజమే. కానీ కథ చెబుతున్న “మేము” అనే గొంతును ఫకీర్ మోహన్ అనే వ్యక్తికి అంటగట్టకుండా ఆగడానికి అది మనకు గుర్తుచేస్తుంది.

---

హిమబిందు, రాయగడ

అందరికీ ధన్యవాదాలు. మళ్లీ రాశాను, చూడండి.

“మొదటి అధ్యాయంలో అధిక్షేపం ఇద్దరి మీద ఉంది. ఒకరు మంగరాజు. అతను నీళ్లు, తులసి తప్ప ముట్టడని చెప్పిన కథకుడే, పడకగదిలో పెట్టిన పాలగిన్నె తెల్లవారేసరికి ఖాళీ అవుతుందన్న జగా మాటను కూడా చెబుతాడు. ఆ గిన్నె పక్కన ఏకాదశికి నిషిద్ధమైన పేలాలు ఉన్నాయి. మంగరాజు తాగాడని ఎవరూ చెప్పరు, కానీ పాఠకుడు వేరే నిర్ణయానికి రాలేడు. రెండో లక్ష్యం ఆ కథకుడు. అసలు సంగతి తెలిసిపోయాక కూడా అతను ప్రత్యక్ష సాక్షి కావాలంటాడు, పాలు ఆవిరై ఉండవచ్చంటాడు, ఎలుకల మీదకు నెడతాడు. ఈ వాదనలలో విడివిడిగా చూస్తే కొన్ని నిజాలే. అన్నీ కలిసి ఒక బలవంతుణ్ణి కాపాడటానికి వాడబడుతున్నాయి. చదువునూ న్యాయవ్యవస్థనూ రచయిత ఈ విధంగా ఎండగట్టారు.”

---

గుమాస్తా, జయపురం

చివరి వాక్యం ముందు వరకు నా సంతకం పెట్టేస్తాను. చివరి వాక్యంలో మళ్లీ ‘సమాజం’ లాంటి పెద్ద మాట వచ్చేసింది. నువ్వు పైన చూపించింది చదువును కాదమ్మా, చదువును అడ్డం పెట్టుకునే తీరును. ఆ వాక్యం తీసేసినా నీకు నష్టం లేదు.

---

సుభద్రమ్మ, గుణుపురం

పేలాల సంగతి రాసినందుకు సంతోషం తల్లీ. అయితే ఉపవాసాలను ఎగతాళి చేయలేదనే సంగతి కూడా ఎక్కడైనా చూపించగలవా? మీ మేడమ్ అది కూడా అడగవచ్చు.

---

మాస్టారు, పర్లాకిమిడి

నవల ముందుకు వెళితే చూపించవచ్చు. మంగరాజు భార్య సాంతాణి నిజంగా దయగల ఇల్లాలు, ఆకలితో వచ్చినవారికి పెట్టే చేయి ఆమెది. ఆమె గురించి చెప్పేటప్పుడు అదే కథకుడి గొంతు మారిపోతుంది. పొగడ్తకు పక్కన ఖాళీ గిన్నె కనబడదు, అతిగా వాదించడమూ ఉండదు. ఆమె పోయినప్పుడు ఊరి దుఃఖం సూటిగా చెప్పిన దుఃఖమే. మంచితనాన్నీ భక్తినీ మొత్తంగా వెక్కిరించదలచుకున్న రచయిత ఆమెను వదిలిపెట్టేవాడు కాదు. కాబట్టి లక్ష్యం ఏది కాదో చెప్పడానికి సాంతాణి నీకు సాక్షి. వ్యంగ్యం ఎక్కడ ఆగిపోయిందో చూపించడం కూడా ఆధారమే, విద్యార్థులు సాధారణంగా దాన్ని వాడుకోరు.

---

కిరణ్, బరంపురం

రెండో లక్ష్యం ఉందని ఒప్పుకుంటున్నాను. కానీ అది కథకుడు ఒక్కడే అన్న గుమాస్తాగారి మాట మాత్రం ఒప్పుకోలేను. చివరికి మంగరాజు జమీందారీ ఎవరి చేతికి వెళ్లింది? అతని తరఫున వాదించిన వకీలు రామ్ రామ్ లాలా చేతికే కదా. భగియా, సారియా అనే నేతగాళ్ల ఆరు మాణాల ఎనిమిది గుంఠల భూమిని మంగరాజు కాగితాలతో మింగాడు, మంగరాజును వకీలు కాగితాలతో మింగాడు. నవల మొత్తం ముందు పెట్టుకుంటే కోర్టు కూడా లక్ష్యమే. మొదటి అధ్యాయంలో సాక్షి కావాలన్న మాట దానికి ముందే వేసిన విత్తనం.

---

గుమాస్తా, జయపురం

ఒక దొంగ వకీలు ఉంటే కోర్టే దొంగదా? ఆ వకీలును రచయిత ఎండగట్టాడు, సరే. కోర్టును ఎండగట్టాడనడానికి తీర్పు తప్పని చూపించే వాక్యం ఒక్కటి చూపించు, అప్పుడు ఆలోచిస్తాను.

---

మాస్టారు, పర్లాకిమిడి

మీ ఇద్దరి తగవు నేను తీర్చలేను. నవల చివరి పుటల్లో కొత్త యజమాని వస్తున్నాడని తెలిసి ఊరివాళ్లు అనుకునే మాట ఒకటి ఉంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి. గుర్రాన్ని దొంగ ఎత్తుకుపోతే గుర్రానికి ఏమి తేడా, ఇక్కడా మేత లేదు, అక్కడా ఉండదు అంటారు. అది ఎవరికి తగిలే మాట? మంగరాజుకా, లాలాకా, వాళ్లిద్దరి చేతికీ కాగితం ఇచ్చిన కచేరీకా, లేక మేత అడగని గుర్రానికా? నేను తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా పిల్లలు రెండు వర్గాలుగా విడిపోయేవారు.

---

కిరణ్, బరంపురం

నా మటుకు నాకు అది గుర్రానికి కాదు మాస్టారూ. ఆ మాట చెప్పేటప్పుడు ఊరివాళ్ల పక్కన ఖాళీ గిన్నె లాంటిది ఏదీ లేదు. వాళ్లు ఉన్నమాట ఉన్నట్టే అంటున్నారు. హిమబిందూ, చివరి అధ్యాయం చదివాక నీకు ఏమనిపించిందో ఇక్కడే రాయి.